పన్నెండేళ్ల అనుభవం: పొలం ఎప్పుడు పోతుంది, ఎప్పుడు పోదు

పొలం తగాదాలో ఉన్న ఎవరిని కదిలించినా ఒక మాట వినిపిస్తుంది. "పన్నెండేళ్లు మా అనుభవంలో ఉంది, ఇక అది మాదే." ఎదుటి పక్షం వాళ్లూ ఈ మాట నమ్ముతారు కాబట్టి భయపడతారు. డాలస్‌లో ఉద్యోగం చేసుకుంటున్న కొడుకు ఫోన్ చేసి, "బాబాయి సాగు చేస్తున్న మన మూడెకరాలూ పోయినట్టేనా నాన్నా?" అని అడుగుతాడు. హైదరాబాద్ శివార్లలో స్థలం కొని వదిలేసినాయన, కాపలాకు పెట్టిన కుటుంబం అక్కడే రేకుల షెడ్డు వేసుకుని పదిహేనేళ్లయిందని బెంగపడుతుంటాడు. నిజానికి ఈ ఇద్దరి భూమికీ వచ్చిన ప్రమాదం చాలా తక్కువ. ఎవరూ కంగారుపడని చోట, గట్టు పక్కన పొరుగువాడు కలిపేసుకున్న అరెకరం మాత్రం నిజంగానే చేజారిపోతుంది. ఈ తేడా తెలియక కొందరు లేని భయంతో రాజీపడి భూమి వదులుకుంటున్నారు. మరికొందరు లేని ధీమాతో గడువు దాటబెట్టుకుంటున్నారు. రెండూ చూస్తున్నాను కాబట్టే ఈ వ్యాసం.

ఆక్రమించినవాడికి హక్కు వస్తుందని మన చట్టంలో ఎక్కడా సూటిగా రాసి లేదు. 1963 నాటి లిమిటేషన్ చట్టం, అంటే ఏ దావా ఎంతకాలంలో వేయాలో చెప్పే చట్టం, రెండు చోట్ల చెప్పిన మాటల్ని కలిపి చదివితే ఆ ఫలితం వస్తుంది. దాని 65వ ఆర్టికల్ ప్రకారం, తన హక్కును ఆధారం చేసుకుని స్థిరాస్తి స్వాధీనం కోరే యజమాని పన్నెండేళ్లలో దావా వేయాలి. ఆ లెక్క మొదలయ్యేది ఎదుటివాడు పొలంలో దిగిన రోజునుంచి అని చట్టం అనలేదు. అతని స్వాధీనం యజమానికి ప్రతికూలంగా మారిన రోజునుంచి అంది. ఇక 27వ సెక్షన్ ప్రకారం, ఆ గడువు ముగిసేలోగా దావా పడకపోతే యజమాని హక్కే అంతరించిపోతుంది.

ప్రోనోటుకు మూడేళ్లలో కాలదోషం పడుతుందని మనందరికీ తెలుసు. కాలదోషం పట్టిన నోటుతో కోర్టుకు వెళ్లలేం గానీ బాకీ మాత్రం బాకీగానే ఉంటుంది. తీసుకున్నవాడు ధర్మానికి కట్టుబడి ఇస్తే పుచ్చుకోవచ్చు. భూమి సంగతి అంతకంటే కఠినం. పన్నెండేళ్లూ నిండిన మర్నాడు యజమాని చేతిలోని రిజిస్టర్డ్ దస్తావేజు ఆ భూమి మీద ఏ హక్కునూ చూపలేదు. ఆ తర్వాత ఎలాగో బలవంతంగా పొలంలో దిగినా, కోర్టు దృష్టిలో ఆక్రమణదారు అతనే అవుతాడు.

ఇంత పెద్ద శిక్ష ఉంది కాబట్టే కోర్టులు ప్రతికూల స్వాధీనాన్ని తేలిగ్గా ఒప్పుకోవు. 1963కు ముందున్న పాత చట్టంలో, భూమి పోగొట్టుకున్న యజమానే తాను గడిచిన పన్నెండేళ్లలో ఎప్పుడో ఒకప్పుడు ఆ భూమిలో ఉన్నానని రుజువు చేసుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు ఆ బరువు తిరగబడింది. యజమాని తన హక్కు పత్రం చూపిస్తే చాలు. ఎప్పుడు దిగాడో, ఏ హోదాలో దిగాడో, అది యజమానికి తెలిసేలా ఉందో లేదో, ఎన్నేళ్లు తెగకుండా సాగిందో ఆక్రమణదారే చెప్పుకుని రుజువు చేసుకోవాలి. 2004లో కర్ణాటక వక్ఫ్ బోర్డు కేసులో సుప్రీంకోర్టు ఈ ప్రశ్నలన్నిటినీ ఒకచోట చేర్చి, వీటికి జవాబు లేని వాదన నిలవదంది. "మా తాతల కాలం నుంచీ మేమే చేసుకుంటున్నాం" అని రాసిన దావాలు వీగిపోయేది ఇక్కడే. తాతల కాలం ఒక తేదీ కాదు.

ఇక లాయర్లు కూడా తప్పులో కాలేసే చోటు ఒకటుంది. ప్రతికూల స్వాధీనం అడుగుతున్నానంటే, ఈ భూమి అసలు నీది, నీదని తెలిసే నీకు వ్యతిరేకంగా అనుభవించాను అని ఒప్పుకుంటున్నట్టే. చాలామంది ప్రతివాదులు జవాబు దాఖలు చేసేటప్పుడు, ఈ భూమి మా నాన్న కొన్నదని ఒక పేరాలోనూ, ఒకవేళ కాకపోయినా పన్నెండేళ్ల అనుభవంతో మాదేనని ఇంకో పేరాలోనూ రాయిస్తారు. ఈ రెండూ ఒక ఒరలో ఇమడవు. నాన్న కొన్నాడని నమ్మి సాగు చేసినవాడు యజమానికి వ్యతిరేకంగా సాగు చేసినట్టెలా అవుతుందని కోర్టు అడుగుతుంది. అసలు యజమాని ఎవరో తనకే తెలియదన్నవాడిదీ ఇదే గతి.

ఒక ఊరి పొలాన్ని ఊహించుకుని దీన్ని తేదీల్లో పెట్టి చూద్దాం. గుంటూరు జిల్లాలో ఒకాయనకు రిజిస్టర్డ్ దస్తావేజుతో మూడెకరాలుంది. ఆయన విదేశంలో ఉంటాడు. 2005 జూన్‌లో, దుక్కులప్పుడు, పక్క పొలం రైతు గట్టు చెరిపి అరెకరం తనలో కలుపుకున్నాడు. ముళ్లకంచె వేశాడు, మరుసటి ఏడు అందులోనే బోరు వేసి కరెంటు మీటరు పెట్టించుకున్నాడు. ఊరంతా చూసింది. పన్నెండేళ్ల లెక్క 2005 జూన్‌లో మొదలైంది. యజమానికి అమెరికాలో ఈ సంగతి తెలిసిందా లేదా అన్నది పెద్దగా పట్టదు. తెలుసుకోదలిస్తే తెలిసేంత బహిరంగంగా ఉంటే చాలు.

విదేశాల్లో ఉన్న మనవాళ్లు ఇక్కడ ఒక విషయం పొరపాటుగా అర్థం చేసుకుంటున్నారు. దేశంలో లేని కాలాన్ని గడువులోంచి తీసేస్తారని ఎవరో చెప్పగా వింటారు. చట్టంలో అలాంటి మాట ఉన్నది నిజమే. 15వ సెక్షన్‌లో ఉంది. కానీ తీసేసేది ప్రతివాది దేశంలో లేని కాలాన్ని. దావా వేయాల్సిన యజమాని డాలస్‌లో ఉన్నా, దుబాయ్‌లో ఉన్నా ఒక్కరోజు కూడా కలిసిరాదు. ఆయన తరఫున ఇక్కడున్నవాళ్లు పవరాఫ్ అటార్నీతో దావా వేయగలిగినప్పుడు కోర్టు ఆయన దూరాన్ని లెక్కలోకి తీసుకోదు.

మన కథలో యజమాని చేతులు ముడుచుకుని ఏమీ కూర్చోలేదు. 2009లో లాయరు నోటీసు పంపాడు. 2012లో సెలవుకు వచ్చి ఊరి పెద్దల్ని కూర్చోబెట్టాడు. 2014లో సర్వేకు దరఖాస్తు పెట్టి కొలత వేయించాడు. గొలుసు పడింది, అరెకరం తనదేనని సర్వేయరు రాసిచ్చాడు. 2016లో పాస్‌పుస్తకంలో మూడెకరాలూ తన పేరే ఉన్నాయని మరోసారి చూసుకున్నాడు. విసిగిపోయి చివరికి 2018 ఆగస్టులో దావా వేశాడు. ఇంత చేసినా దావా గడువు దాటింది. నోటీసుకు గడియారం ఆగదు. సర్వే రిపోర్టుకు ఆగదు. రెవెన్యూ రికార్డులో పేరు మారినా, మారకపోయినా ఆగదు. ఆగేది రెండింటికే. యజమాని మళ్లీ నిజంగా స్వాధీనంలోకి రావాలి, లేదా గడువులోపల స్వాధీనం కోరుతూ కోర్టులో దావా పడాలి. 2017 జూన్ వరకు ఆయన చేతిలో అన్ని ఆధారాలూ ఉన్నాయి, చేయని పని ఆ ఒక్కటే.

ఇదే కథలో ఒక్క కాగితం చేర్చండి. 2012లో పెద్దల ముందు పక్క రైతు, "ఈ అరెకరం ఫలానా వారిది, మిరప కోత అయ్యాక అప్పజెప్పుతాను" అని తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టాడనుకుందాం. అప్పటికి ఏడేళ్లే గడిచాయి. గడువులోపల ఆక్రమణదారే హక్కు యజమానిదని రాతపూర్వకంగా ఒప్పుకుంటే అప్పటిదాకా నడిచిన ఏళ్లు కొట్టుకుపోతాయి. 2018 ఆగస్టు దావా చక్కగా నిలుస్తుంది. అదే కాగితం 2018లో రాసిచ్చి ఉంటే పనికిరాదు. అప్పటికే హక్కు అంతరించింది కాబట్టి, పోయినదాన్ని ఒప్పుకోలు తిరిగి తేలేదు. పంచాయితీ పెద్దమనుషులు "మాట చాలు, కాగితమెందుకు" అంటుంటారు. ఆ మర్యాద ఖరీదు ఒక్కోసారి అరెకరం.

ఇంకో మార్పు. 2015లో యజమాని ఆ మూడెకరాలనూ వేరొకరికి అమ్మేశాడనుకుందాం. కొన్నవాడు తన పేర రిజిస్ట్రేషన్ అయిన రోజునుంచి తనకు కొత్తగా పన్నెండేళ్లు ఉన్నాయనుకుంటాడు. లేవు. అమ్మినవాడికి మిగిలిన రెండేళ్లే ఇతనికి మిగులుతాయి. అటువైపు కూడా అంతే. ఆక్రమించిన రైతు చనిపోయి కొడుకు దిగినా, అతను ఇంకొకరికి అమ్మి అప్పజెప్పినా, ఆ ఏళ్లన్నీ కలుస్తాయి. అయితే ఒకరు వదిలిపోయాక సంబంధం లేని మరొకరు వచ్చి దిగితే మాత్రం కలవవు. మళ్లీ ఒకటి నుంచి లెక్క. అందుకే పొలం కొనేవాళ్లు ఈసీ తీసుకుని దస్తావేజులు చదువుకుని ఊరుకోకుండా, కాళ్లకు పనిచెప్పి గట్ల వెంట తిరిగి, ఏ చెక్క ఎవరి సాగులో ఉందో, ఎప్పటినుంచి ఉందో పక్క రైతుల్ని అడగాలి. తెలంగాణలో పాత పహాణీలో అనుభవదారు అని ఒక గడి ఉండేది. ధరణి వచ్చాక ఆ గడి పోయింది. కాబట్టి పొలంలో నిజంగా ఉన్నదెవరో ధరణిలో వెతికితే కనబడేది కాదు.

ఇప్పుడు మొదట చెప్పిన ఇద్దరి దగ్గరికి వద్దాం. కాపలాకు పెట్టిన కుటుంబం యజమాని అనుమతితో దిగింది. అనుమతితో మొదలైన స్వాధీనం ఎన్నేళ్లయినా అనుమతే. వాచ్‌మన్, పనిమనిషి, ఊరికే ఉండమని ఇల్లిచ్చిన బంధువు, వీళ్లు ఎంతకాలం ఉన్నా యజమాని తరఫునే ఉన్నట్టు లెక్క అని 2012లో గోవా నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. కౌలుదారు సంగతీ దాదాపు ఇంతే. కౌలుకు దిగినవాడు ఆ కౌలు నడుస్తుండగా, నువ్వు యజమానివే కాదు అనడానికి సాక్ష్య చట్టం ఒప్పుకోదు. ఐదేళ్లుగా కౌలు కట్టడం మానేశాడు కాబట్టి అతనిది ప్రతికూల స్వాధీనమైపోదు. అది బాకీ పడ్డ కౌలు అవుతుందంతే. కాకపోతే కౌలు గడువు రాతపూర్వకంగా ముగిసిపోతే భూస్వామి స్వాధీనం కోసం వేసే దావాకూ ఆ ముగిసిన రోజునుంచి పన్నెండేళ్ల గడువుందని గుర్తుంచుకోవాలి. నోటీసిచ్చి కౌలు రద్దు చేసి, తర్వాత పదిహేనేళ్లు ఊరుకున్నవాళ్లు ఇబ్బందిలో పడతారు.

అనుమతి ప్రతికూలంగా మారాలంటే మొదట ఆ అనుమతి తెగాలి. కాపలాదారు బయటికొచ్చి, "నేను నీ మనిషిని కాను, ఈ స్థలం నాదే, నిన్ను అడుగుపెట్టనివ్వను" అని యజమాని ముఖం మీద చెప్పి, నిజంగా అడ్డుకుని, ఆ తర్వాత పన్నెండేళ్లు యజమాని కదలకుండా ఉండాలి. మనసులో ఎన్నేళ్లుగా అనుకున్నా లెక్కలోకి రాదు.

తెలుగు పల్లెల్లో దీనికి దగ్గరగా, దీనికంటే చిక్కుగా ఉండేది తెల్లకాగితం మీద కొన్న పొలం. తెలంగాణలో సాదాబైనామా అంటారు. రిజిస్ట్రేషన్ ఖర్చుకు వెనకాడో, నమ్మకం మీదో, డబ్బిచ్చి, కాగితం రాయించుకుని, పొలంలో దిగి ముప్పై ఏళ్లుగా చేసుకుంటున్న చిన్న రైతులు వేలాదిగా ఉన్నారు. వాళ్లకు ఈ పన్నెండేళ్ల సూత్రం అక్కరకొస్తుందా? కాగితంలో ఏం రాశారన్నదాన్ని బట్టి ఉంటుంది. 1990లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో ఈ గీత గీసింది. సగం డబ్బిచ్చి, మిగతాది ఇచ్చాక రిజిస్ట్రేషన్ చేయించుకుంటాను అని ఒప్పందం మీద దిగినవాడు అమ్మినవాడి హక్కును ఒప్పుకుంటూ దిగినట్టే. ఇంకా అతనే యజమాని, నాకు చేయించిపెట్టాలి అన్న మాట ఆ కాగితంలోనే ఉంది. అది ప్రతికూలం కాదు. మొత్తం డబ్బు ముట్టింది, ఇకనుంచి భూమి నీదే అని పూర్తిగా అమ్మేసినట్టు రాసి, రిజిస్ట్రేషన్ ఒక్కటే జరగకపోతే, కొన్నవాడు మొదటి రోజునుంచీ యజమానిగానే దిగాడు. అమ్మకం చట్టం ముందు చెల్లదు గానీ, చెల్లని ఆ అమ్మకమే అతని స్వాధీనానికి ప్రతికూల రంగునిస్తుంది. పన్నెండేళ్లు దాటితే అతని దారి తెరుచుకుంటుంది. పాత ట్రంకు పెట్టెలో ఉన్న ఆ కాగితంలో "మిగతా సొమ్ము", "రిజిస్టరు చేయించగలవాడను" అన్న మాటలున్నాయో లేదో చూసుకోవడం అందుకే ముఖ్యం. నా మటుకు, ప్రతికూల స్వాధీన సూత్రం న్యాయంగా పనిచేసేది ఇక్కడేననిపిస్తుంది. డబ్బిచ్చి, చెమటోడ్చి, ఒక్క స్టాంపు లేక దిక్కులేకుండా పోయే రైతును అది కాపాడుతుంది.

ఇక బాబాయి సంగతి. ఉమ్మడి ఆస్తిలో ఒకరు సాగు చేస్తుంటే అది వాటాదార్లందరి తరఫునా చేస్తున్నట్టే. దీని మీద ఇప్పటికీ దేశమంతా ఉదహరించే తీర్పు మన తెలుగు కుటుంబం నుంచి వచ్చింది. వాది, ప్రతివాది ఇద్దరి పేర్లూ ఒకటే అయిన ఆ కేసు పాత మద్రాసు హైకోర్టు నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1927లో ఒక పసివాడు చనిపోయాడు. అతని ఆస్తి దగ్గరి దాయాదులకు రావాలి. వాళ్లలో ఒకాయన మాత్రం కోర్టుకెళ్లి, ఆస్తిని పట్టుక్కూర్చున్న వేరేవాళ్ల మీద గెలిచాడు. కేసు నడుస్తున్నంతకాలం భూములు కోర్టు నియమించిన రిసీవరు చేతిలో ఉన్నాయి. 1930 జనవరిలో రిసీవరు నుంచి ఆయనకు స్వాధీనమయ్యాయి. సమానంగా హక్కున్న ఇంకో వారసుడు తన వాటా కోసం దావా వేసింది 1941 అక్టోబరులో. అంటే పదకొండేళ్ల తొమ్మిది నెలలు. రిసీవరు చేతిలో ఉన్న కాలాన్నీ కలిపితే పన్నెండు దాటేది. రిసీవరు ఎవరికి హక్కుందో వాళ్ల కోసమే భూమిని పట్టుకుని ఉంటాడు, కాబట్టి ఆ కాలం ఎవరికీ ప్రతికూలం కాదని కోర్టు తేల్చింది. దానికి మించి, ఒక వారసుడు ఒంటరిగా అనుభవించినా, ఫలసాయమంతా తానే తిన్నా, మిగతా వారసుల హక్కును బాహాటంగా కాదని, అది వాళ్లకు తెలిసేలా వాళ్లను బయటికి నెట్టేదాకా ప్రతికూలం అనడానికి లేదంది. వాది వాటా నిలిచింది.

ఈ సూత్రం వల్ల ఎక్కువ మేలు జరిగేది ఆడపడుచులకు. ఆంధ్రప్రదేశ్ 1986లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా జన్మహక్కు ఇచ్చింది. దేశమంతటికీ ఆ హక్కు వచ్చింది 2005లో. అయినా పెళ్లయి వెళ్లిన చెల్లెలు నాన్న పొలం గురించి అడగదు, అన్నయ్య ఇవ్వడు. ఇరవై ఏళ్ల తర్వాత అడిగితే, "నా పేరే పాస్‌పుస్తకముంది, నేనే శిస్తు కట్టాను, పన్నెండేళ్లు దాటింది" అంటాడు. పాస్‌పుస్తకంలో అన్న పేరు ఒక్కటే ఎక్కడం చెల్లెలిని వెళ్లగొట్టడం కాదు. పండక్కి రెండు బస్తాల బియ్యం పంపుతున్నా, కంది, మినుము కొలిచి ఇస్తున్నా అది వాటాను ఒప్పుకున్నట్టే కోర్టు తీసుకోవచ్చు. ప్రమాదం ఎక్కడంటే, వాటా అడిగితే అన్న లాయరు ద్వారా "నీకేం హక్కు లేదు" అని జవాబు నోటీసు ఇచ్చిన రోజున. ఆ నోటీసు తేదీ నుంచి పన్నెండేళ్లు లెక్క మొదలైందని అన్న వాదించుకోవచ్చు. కవరు దాచుకోవాలి. పోస్టు ముద్ర మీది తేదీ చూసుకోవాలి. అలక తీరాక చూద్దామని ఊరుకోకూడదు.

చిన్నపిల్లలకు వచ్చిన ఆస్తి గురించి ఒక్క ముక్క. ఆక్రమణ జరిగేనాటికి యజమాని మైనరైతే మేజరయ్యాక మూడేళ్లు అదనంగా ఇస్తారు, అంతకుమించి ఇవ్వరు. మూడేళ్ల పిల్లాడి పొలం పోతే అతనికి పద్దెనిమిది నిండేసరికి పదిహేనేళ్లు గడుస్తాయి. ఇరవై ఒకటి లోపల దావా వేయకపోతే అంతే. తండ్రి బతికుండగానే మొదలైన ఆక్రమణైతే, మధ్యలో తండ్రి పోయి మైనరు వారసుడైనా గడియారం ఆగదు.

ఇక ఎన్నేళ్లున్నా దక్కని భూములు. ప్రభుత్వ భూమి మీద గడువు ముప్పై ఏళ్లు. కాగితం మీద ఈ ముప్పై ఏళ్లు ఉన్నా, ఆచరణలో గెలిచినవాళ్లు అరుదు. కారణం ఆక్రమణదార్ల నడవడిలోనే ఉంటుంది. తహసీల్దారు ఆఫీసు శివాయిజమా రాసి జరిమానా వేస్తే కడతారు, ఆ రసీదే అనుభవానికి సాక్ష్యమనుకుని భద్రపరుస్తారు. మరోవైపు డి-పట్టా ఇవ్వండి, క్రమబద్ధీకరించండి అని అర్జీలు పెడతారు. ప్రతి అర్జీలోనూ ఈ భూమి ప్రభుత్వానిదన్న ఒప్పుకోలు ఉంది. ఇక చెరువు శిఖం, శ్మశానం, పశువుల బీడు లాంటి ఊరుమ్మడి భూముల సంగతికొస్తే, 2011లో పంజాబ్ నుంచి వచ్చిన ఊరి చెరువు కేసులో సుప్రీంకోర్టు ఆక్రమణ ఎంత పాతదైనా, ఎంత ఖర్చుపెట్టి ఇల్లు కట్టినా ఖాళీ చేయించాల్సిందేనంది. 2019లో ముగ్గురు న్యాయమూర్తుల బెంచి, ప్రతికూల స్వాధీనంతో హక్కు వచ్చినవాడు ప్రతివాదిగానే గాక వాదిగా కూడా కోర్టుకు రావచ్చని తేల్చిన తీర్పులోనే, ప్రజల అవసరాలకు కేటాయించిన భూముల మీద ఇలాంటి హక్కు పుట్టకూడదని చెప్పింది.

గుడి మాన్యాలకు 1987 దేవాదాయ చట్టం కాపలా ఉంది. ఆ చట్టం వచ్చేనాటికే హక్కు పూర్తయినవాళ్లకు తప్ప, ఆ తర్వాత కాలగడువు పేరుతో దేవుడి భూమి ఎవరికీ సంక్రమించదు. వక్ఫ్ భూములకూ 1995 చట్టంలోని 107వ సెక్షన్ ఇలాంటి రక్షణే ఇచ్చేది. 2025 సవరణ ఆ సెక్షన్‌ను తీసేసింది, ఆ సవరణ చట్టం సుప్రీంకోర్టులో సవాలుకు గురైంది. అసైన్డ్ భూమి కొన్నవారికి 1977 చట్టం సాధారణంగా ఏ హక్కూ ఇవ్వదు.

అన్నిటికంటే బలమైన గోడ మన్యంలో ఉంది. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలను 1970లో సవరించాక, ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఏ భూమి ఉన్నా, కాదని అతను రుజువు చేసేదాకా, అది గిరిజనుడి నుంచే వచ్చిందని చట్టం భావిస్తుంది. వన్ ఆఫ్ సెవెంటీ అని అక్కడ చిన్నపిల్లలకూ తెలిసిన చట్టమిది. అమ్మకం చెల్లదు కాబట్టి అనుభవం పేరుతో తీసుకుందామని చూస్తే అదీ కుదరదు. ఒడిశాలో ఇలాంటి నిబంధనల కిందే వచ్చిన కేసులో 2004లో సుప్రీంకోర్టు, గిరిజనుడి భూమి మీద గిరిజనేతరుడికి ప్రతికూల స్వాధీనంతో హక్కు రాదని తీర్పిచ్చింది. కొనడానికి వీల్లేని భూమిని ఆక్రమించి దక్కించుకోనిస్తే ఆ చట్టం చేసిందెందుకు?

పోయిన స్వాధీనం కోసం కోర్టుకు వెళ్లేవాళ్లు ఏ దావా వేస్తున్నారో చూసుకోవాలి. కోర్టు ఫీజు తక్కువని చాలామంది ఇంజంక్షన్ దావా ఒక్కటే వేస్తారు. వరంగల్ స్థలాల మీద నడిచిన ఒక కేసులో 2008లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. స్వాధీనం పోయినవాడికి ఇంజంక్షన్ పనికిరాదు, స్వాధీనం ఇప్పించమని అడగాలి. హక్కు మీద కూడా గట్టి వివాదముంటే హక్కు ప్రకటించమనీ అడగాలి. ఇంజంక్షన్ దావా ఎనిమిదేళ్లు నడిచి వీగిపోతే, ఆ ఎనిమిదేళ్లూ ఆక్రమణదారు ఖాతాలోకి పోయే ప్రమాదముంది. నిన్నగాక మొన్న దౌర్జన్యంగా వెళ్లగొట్టినవాళ్లకు ఇంకో దగ్గరి దారుంది. ఆరు నెలల్లోపు స్పెసిఫిక్ రిలీఫ్ చట్టంలోని 6వ సెక్షన్ కింద దావా వేస్తే, హక్కు ఎవరిదన్న చర్చ లేకుండానే తిరిగి స్వాధీనం ఇప్పిస్తారు. ప్రభుత్వం మీద మాత్రం ఈ దావా కుదరదు.

అయితే ప్రభుత్వమే ఆక్రమిస్తే? హిమాచల్ ప్రదేశ్‌లో 1967-68లో రోడ్డు కోసం చదువురాని ఒక వితంతువు భూమి తీసుకున్నారు. భూసేకరణ చేయలేదు, పరిహారం ఇవ్వలేదు. ఆవిడ 2010లో హైకోర్టుకు వెళ్తే, నలభై రెండేళ్లుగా మా స్వాధీనంలో ఉంది కాబట్టి ప్రతికూల స్వాధీనంతో ఆ భూమి మాదైపోయిందని రాష్ట్ర ప్రభుత్వం వాదించింది. 2020 జనవరిలో సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. చట్టం ప్రకారం నడవాల్సిన రాజ్యం తన పౌరుల భూమిని ఆక్రమించి, ఆ ఆక్రమణనే హక్కుగా చూపించడానికి వీల్లేదంది. అప్పటికి ఆవిడకు ఎనభై ఏళ్లు. భూమిని సేకరించినట్టే భావించి పరిహారం కట్టివ్వమని ప్రభుత్వాన్ని ఆదేశించింది.